సాక్షి నోట సాక్షి మాటే

(ఓడలరేవులో జరిగిన న్యాయ అవగాహన సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



న్యాయవాదిని సభకు పిలిస్తే సాధారణంగా హక్కుల గురించి మాట్లాడమంటారు. ఈ రోజు నేను అంతకంటే చిన్న విషయాన్ని ఎంచుకున్నాను. మీలో ఎవరో ఒకరికి రేపో మాపో అమలాపురం కోర్టు నుంచి సాక్షి సమన్లు వస్తాయి. ఆ రోజు బోనెక్కిన మీకు ఇద్దరు వకీళ్లు మూడు విడతలుగా ప్రశ్నలు వేస్తారు. ఒక విడతలో అడగకూడని ప్రశ్నను మరో విడతలో నిక్షేపంగా అడగవచ్చు. ఈ తేడా తెలియక నిజం చెప్పడానికి వెళ్లిన మనిషి అబద్ధాలకోరుగా ముద్రపడి బయటికి రావడం నేను చాలాసార్లు చూశాను. నా మాటలన్నీ ఆ తేడా గురించే.

మూడు విడతల పేర్లు ముందు చెబుతాను. మిమ్మల్ని సాక్షిగా పిలిపించిన పక్షం వకీలు మొదట అడిగేది ప్రధాన విచారణ. దాన్ని కోర్టులో అందరూ చీఫ్ అంటారు. తర్వాత ఎదుటి పక్షం వకీలు అడిగేది ప్రతి విచారణ, అంటే క్రాస్. ఆ తర్వాత అవసరమనుకుంటే మొదటి వకీలే మళ్లీ లేచి అడిగేది పునర్విచారణ, అంటే రీ-ఎగ్జామినేషన్. 1872 నాటి సాక్ష్య చట్టంలో 137, 138 సెక్షన్లు ఈ వరుసను నిర్ణయించాయి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇవే 142, 143 సెక్షన్లయ్యాయి. అంకెలు మారాయి గాని నియమం మారలేదు.

ఇక సూచక ప్రశ్న అంటే ఏమిటో చూద్దాం. అడిగేవాడు ఏ జవాబు కోరుతున్నాడో ఆ జవాబును ప్రశ్నలోనే పెట్టి అందించడం సూచక ప్రశ్న. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలన్నీ సూచక ప్రశ్నలేనని చాలామంది అనుకుంటారు. కొత్తగా నల్లకోటు వేసుకున్న మా పిల్లలు కూడా అలాగే అనుకుంటారు. అది సరికాదు. "ఆ సమయంలో వీధి దీపం వెలుగుతోందా, లేదా?" అని అడిగితే జవాబు ఎటైనా రావచ్చు. "అప్పుడు వీధి దీపం వెలుగుతూనే ఉంది కదా?" అని అడిగితే జవాబు ప్రశ్నలోనే ఉంది. ఆ చివరి 'కదా'లోనే ఉంది అసలు సంగతంతా.

విషయం తేటపడడానికి ఒక కేసు చెబుతాను. ఇది నేను కల్పించిన ఉదాహరణ. ఇందులో ఏ ఊరివారూ, ఏ ఇంటివారూ లేరు. ఇలాంటి ఒక తీరగ్రామంలో జనవరి మాసంలో ఒక సాయంత్రం, మగ్రిబ్ నమాజు ముగిసిన అరగంటకు, బజారులో ఇద్దరు యువకులు తగవు పడ్డారు. ఒకడు కర్రతో రెండోవాడి తలమీద కొట్టాడని కేసు. ఎదురుగా కిరాణా కొట్టు నడుపుకునే పెద్దాయన ప్రత్యక్ష సాక్షి. ప్రభుత్వం తరఫున ఏపీపీ గారు కేసు నడుపుతున్నారు. ముద్దాయి తరఫున వకీలు వేరే ఉన్నారు.

ఏపీపీ గారు చీఫ్ మొదలుపెట్టారు. "మీకు ఆ బజారులో కిరాణా కొట్టు ఉంది కదా?" అని అడిగారు. ఇది సూచక ప్రశ్నే. అయినా దీనికి అభ్యంతరం ఉండదు. పరిచయం కోసం అడిగేవాటికి, ఇరుపక్షాలకూ వివాదం లేనివాటికి, అప్పటికే తగినంతగా రుజువైనవాటికి సూచక ప్రశ్నను కోర్టు అనుమతించాలని చట్టమే చెబుతోంది. కొట్టు ఎవరిదన్నది ఇక్కడ తగవు కాదు.

తర్వాతి ప్రశ్న ఇలా వచ్చిందనుకోండి. "ఆ సాయంత్రం ముద్దాయి కర్ర తీసుకుని బాధితుడి తలమీద రెండుసార్లు కొట్టడం మీరు మీ కొట్టులోనుంచి చూశారు కదా?" సాక్షి "అవునండీ" అంటాడు. కేసంతా ఆ ఒక్క మాటలో అయిపోయింది. అయితే ఎవరు కొట్టారో, దేనితో, ఎక్కడ, ఎన్నిసార్లు కొట్టారో ఒక్కటీ సాక్షి చెప్పలేదు. అన్నీ ఏపీపీ గారే చెప్పారు, సాక్షి తల మాత్రం ఊపాడు. అక్కడ లేని మనిషి సాక్ష్యం చెప్పడం, ఉన్న మనిషి దాన్ని ఆమోదించడం, ఇది చీఫ్‌లో సూచక ప్రశ్న చేసే పని. అందుకే ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే కోర్టు అనుమతి లేకుండా చీఫ్‌లో గాని, రీ-ఎగ్జామినేషన్‌లో గాని అలాంటి ప్రశ్న అడగరాదని 146వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలో ఇది 141 నుంచి 143 వరకు మూడు సెక్షన్లుగా ఉండేది.

సరైన పద్ధతిలో అదే విషయం ఇలా రావాలి. ఆ సాయంత్రం మీరు ఎక్కడ ఉన్నారు? అక్కడ ఏం జరిగింది? ఎవరెవరు ఉన్నారు? ఎవరు ఏం చేశారు? దేనితో? దెబ్బ ఎక్కడ తగిలింది? తర్వాత మీరేం చేశారు? ఈ ప్రశ్నల్లో జవాబు లేదు. జవాబు సాక్షి జ్ఞాపకంలోనుంచి రావాలి. పెద్దాయన తడబడవచ్చు, ముందుది వెనుక చెప్పవచ్చు. ఆ తడబాటులో కూడా న్యాయమూర్తికి కనిపించేది ఒకటుంది: ఈ మనిషి అక్కడ నిలబడి చూసినవాడేనని.

'ఎదుటి పక్షం అభ్యంతరం చెబితే' అన్న మాటను గమనించండి. ముద్దాయి వకీలు ఆ క్షణంలో లేచి అభ్యంతరం చెప్పకపోతే ప్రశ్న పడిపోతుంది, జవాబు రికార్డులోకి ఎక్కుతుంది. అభ్యంతరం జవాబు రాకముందే చెప్పాలి. జవాబు వచ్చాక చెప్పేది కాలవ దాటిపోయాక పడవవాణ్ణి కేకేసినట్టే. అయితే అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఆ సాక్ష్యానికి పూర్తి విలువ దక్కుతుందని అనుకోకండి. కేరళకు చెందిన వర్కీ జోసెఫ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఈ విషయాన్నే పరిశీలించింది. హత్య కేసు అది. కీలకమైన సాక్షులను చీఫ్‌లోనే సూచక ప్రశ్నలతో నడిపించారు. అసలు నేరానికి సంబంధించిన విషయాలపై అలా అడగడానికి ప్రాసిక్యూటరుకు అనుమతి లేదనీ, సాక్షి తాను చూసినదాన్ని తానే చెప్పాలనీ, లేకుంటే రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన న్యాయమైన విచారణకే భంగమనీ కోర్టు భావించింది. శిక్ష రద్దయింది. బాధితుల పక్షాన ఉన్నవారు ఈ కేసును ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. సులువుగా ఉంటుందని చీఫ్‌లో సాక్షి నోటికి మాట అందిస్తే, ఏళ్ల తర్వాత పై కోర్టులో అదే మాట ముద్దాయికి ఆసరా అవుతుంది.

ఇప్పుడు మన కిరాణా కొట్టు పెద్దాయన చీఫ్ ముగిసింది. ముద్దాయి వకీలు లేచారు. ఇక్కడ నియమం తలకిందులవుతుంది. క్రాస్‌లో సూచక ప్రశ్నలు అడగవచ్చని చట్టమే అంటుంది. నిజానికి మంచి క్రాస్‌లో దాదాపు అన్నీ సూచక ప్రశ్నలే ఉంటాయి. ఎందుకిలా అని మీరు అడగవచ్చు. కారణం తేలిక. చీఫ్‌లో సాక్షి తనను పిలిచిన పక్షానికి అనుకూలుడు, అందించిన మాటను అందుకుంటాడు. క్రాస్ చేసే వకీలుకు సాక్షి అనుకూలుడు కాడు, అందించిన మాటను ఊరికే అంగీకరించడు. పైగా ఆ సాక్ష్యాన్ని పరీక్షించడమే క్రాస్ ఉద్దేశం. చీఫ్‌లో చెప్పిన విషయాలకే క్రాస్ పరిమితం కావాలని కూడా లేదు. కేసుకు సంబంధించిన ఏ విషయమైనా అడగవచ్చు, సాక్షి విశ్వసనీయతనూ ప్రశ్నించవచ్చు. అయితే అసభ్యమైన ప్రశ్నలను, అవమానించడానికో వేధించడానికో వేసే ప్రశ్నలను ఆపే అధికారం కోర్టుకు ఉంది. సాక్షులైన మన ఆడవాళ్లు ఈ మాట గుర్తుంచుకుంటే చాలు, మిగతాది జడ్జి గారు చూసుకుంటారు.

క్రాస్ ఇలా నడిచిందనుకుందాం. "జనవరిలో సాయంత్రం ఆరు దాటితే చీకటి పడుతుంది?" "అవునండీ." "మీ కొట్టుకూ సంఘటన జరిగిన చోటుకూ మధ్య ముప్పై అడుగులు ఉంటుంది?" "ఉంటుందండీ." "మీ కొట్టులో దీపం లోపలి వైపే ఉంది?" "అవునండీ." "వీధి దీపం గురించి మీరు పోలీసులకు ఏమీ చెప్పలేదు?" "వాళ్లు అడగలేదండీ." ఇంతవరకు వకీలు తన పని తాను చక్కగా చేశారు. ఒక్కొక్క ప్రశ్నలో ఒక్కొక్క చిన్న విషయం, ఒక్కొక్క చిన్న జవాబు. ఇక్కడ ఆయన కూర్చోవాలి. చీకటి, దూరం, దీపం అన్న మూడూ రికార్డులో ఉన్నాయి. వాటితో ఏం వాదించాలో చివరలో వాదనల సమయంలో చూసుకోవచ్చు.

ఆయన కూర్చోలేదు. ఇంకొక్క ప్రశ్న వేశారు. "మరి అంత చీకట్లో అతనే కొట్టాడని ఎలా చెప్పగలరు?" పెద్దాయన అన్నాడు: "ఆ పిల్లాడు పుట్టినప్పటి నుంచి మా వీధిలోనే ఉన్నాడండీ. నడక చూసినా, కేక విన్నా పోల్చుకుంటాను. ఆ రోజు తిట్టిన గొంతు అతనిదే." ముప్పై అడుగుల దూరం, చీకటి, దీపం లేకపోవడం, అన్నీ ఒక్క దెబ్బకు కొట్టుకుపోయాయి. పైగా ఈ వివరం చీఫ్‌లో ఏపీపీ గారు రాబట్టలేదు. ముద్దాయి వకీలే రాబట్టి రికార్డులో పెట్టించారు. 'ఎలా', 'ఎందుకు' అనే ప్రశ్నలు చీఫ్‌కు అమృతం, క్రాస్‌కు విషం. ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలినాళ్లలో నేనూ ఇదే తప్పు చేశాను. ఆ రోజు కోర్టు హాలులో నా వెనుక కూర్చున్న సీనియర్ల చిరునవ్వు ఇప్పటికీ మరచిపోలేదు.

క్రాస్‌లో ఇంకొక అంశం ఉంది. పోలీసులు దర్యాప్తులో రాసుకున్న వాంగ్మూలం. మన పెద్దాయన చీఫ్‌లో రెండు దెబ్బలు కొట్టాడని చెప్పాడు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలంలో ఒక్క దెబ్బ కొట్టి పారిపోయాడని ఉంది. ఇప్పుడు వకీలు ఏం చేయాలి? వాంగ్మూలంలోని ఆ వాక్యాన్ని సాక్షికి చదివి వినిపించి, "ఇలా చెప్పారా?" అని అడగాలి. సాక్షి అవునంటే తేడా అక్కడే రుజువైంది. "లేదండీ, నేను రెండు దెబ్బలనే చెప్పాను" అంటే ఆ భాగానికి డి-1 అని గుర్తు వేస్తారు. అంతటితో అది రుజువైనట్టు కాదు. తర్వాత ఆ వాంగ్మూలం రాసిన దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు, ఆ సాక్షి మీకు ఇలా చెప్పాడా అని ఆయనను అడిగి రాబట్టాలి. ఈ రెండో మెట్టు మరచిపోయే వకీళ్లు తక్కువమంది కాదు. అప్పుడు చివరి వాదనల్లో ఆ తేడాను ఎంత గట్టిగా చెప్పినా జడ్జి గారు తల అడ్డంగా ఊపుతారు. ఈ పద్ధతిని సుప్రీంకోర్టు 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో సవిస్తరంగా చెప్పింది. పోలీసులకు చెప్పకుండా వదిలేసిన ప్రతి చిన్న విషయమూ వైరుధ్యం కాదనీ, వాంగ్మూలంలో తప్పక ఉండవలసిన ముఖ్య విషయం లేనప్పుడే దాన్ని వైరుధ్యంగా లెక్కించాలనీ ఆ తీర్పు నుంచి వచ్చిన నియమం. వీధి దీపం సంగతి ఏ కోవకు వస్తుందో వాదనకు తావుంది.

సాక్షిగా మీకు ఇందులో కావలసింది ఒకటే. పోలీసులు రాసుకునే ఆ వాంగ్మూలంపై మీ సంతకం తీసుకోకూడదు. అది చట్టం. కాబట్టి కోర్టులో "ఇదిగో మీరు ఇలా చెప్పారు" అని చూపినప్పుడు బెదరకండి. చెప్పింది చెప్పాననీ, చెప్పనిది చెప్పలేదనీ అనండి. ఆ రోజు ఏం చెప్పారో గుర్తు లేకపోతే గుర్తు లేదని అనండి. ఈ 'గుర్తు లేదు' అన్న మాటను మనవాళ్లు అవమానంగా భావిస్తారు. క్రాస్‌లో వకీలు ఆశించేది మీరు ఆ మాట అనకుండా ఏదో ఒకటి ఊహించి చెప్పడమే.

క్రాస్ చివర్లో మీకు వింతగా తోచే కొన్ని ప్రశ్నలు వస్తాయి. "మీరు ఆ సమయంలో కొట్టులో లేనే లేరు. బాధితుడు మీ బంధువు కాబట్టి అబద్ధం చెబుతున్నారు." వీటిని సజెషన్లు అంటారు. మన కోర్టుల రికార్డులో మీ జవాబు 'నేను ఆ సమయంలో కొట్టులో లేననుట వాస్తవం కాదు' అన్న ధోరణిలో ఎక్కుతుంది. అలా అడిగినందుకు కోపగించకండి. తమ పక్షం కథనాన్ని ఎదుటి సాక్షి ముందు పెట్టడం ఆ వకీలు బాధ్యత. 1893లో ఇంగ్లండులో బ్రౌన్, డన్ కేసు నుంచి వస్తున్న నియమమిది. సాక్షి మాటను కాదనదలచుకుంటే అతని ముఖం మీదే కాదని, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ముఖ్యమైన విషయంపై క్రాస్ చేయకుండా వదిలేస్తే దాన్ని ఒప్పుకున్నట్టే భావించే వీలుంది. మీరు కాదన్న సజెషన్ మీకు వ్యతిరేకంగా సాక్ష్యం కాదు. పొరపాటున 'అవును' అన్న సజెషన్ మాత్రం మీ మెడకు చుట్టుకుంటుంది. పొడుగాటి ప్రశ్నలో సగం నిజం, సగం అబద్ధం కలిపి అడుగుతారు. "మీరు బాధితుడి దూరపు బంధువు, అందుకే సాక్ష్యానికి వచ్చారు, అవునా?" దూరపు బంధువు కావడం నిజం, అందుకే రావడం అబద్ధం. "బంధువును, నిజమే. అందుకే వచ్చాననడం నిజం కాదు" అని విడదీసి చెప్పే హక్కు మీకుంది.

మరొక ప్రశ్నకు మనవాళ్లు అనవసరంగా అబద్ధమాడతారు. "కోర్టుకు వచ్చే ముందు ఏపీపీ గారితో మాట్లాడారా?" మాట్లాడటం తప్పేమోనని "లేదండీ" అంటారు. వరండాలో మాట్లాడుతుండగా ఎదుటి వకీలు చూసే ఉంటారు. మీ జ్ఞాపకం గురించి వకీలుతో మాట్లాడటం తప్పు కాదు. ఏం చెప్పాలో నేర్పించుకోవడం తప్పు. "మాట్లాడానండీ, జరిగింది చెప్పమన్నారు" అని నిజంగా జరిగిందే చెబితే ఆ ప్రశ్న అక్కడితో చచ్చిపోతుంది.

ఇక మూడో విడత. క్రాస్‌లో పెద్దాయనను ఇలా అడిగారనుకోండి. "ఆ రాత్రి మీరు పోలీస్ స్టేషనుకు వెళ్లలేదు?" "వెళ్లలేదండీ." కళ్లారా చూసినవాడు వెళ్లకపోవడమేమిటన్న అనుమానం ఆ జవాబుతో మిగిలిపోయింది. ఏపీపీ గారు రీ-ఎగ్జామినేషన్‌కు లేచి, "మీరు ఆ రాత్రి స్టేషనుకు ఎందుకు వెళ్లలేదు?" అని అడగవచ్చు. "రక్తం కారుతున్న పిల్లవాణ్ణి ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాను. తెల్లవారేదాకా అక్కడే ఉన్నాను." అనుమానం తీరింది. అదే ఏపీపీ గారు "ఆసుపత్రికి వెళ్లినందువల్లే కదా స్టేషనుకు వెళ్లలేదు?" అని అడిగితే అది మళ్లీ సూచక ప్రశ్న. అభ్యంతరం వస్తుంది, నిలుస్తుంది కూడా. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. సాక్షి తానే చెప్పి ఉంటే నమ్మదగిన మాట, వకీలు నోట వచ్చేసరికి అతికించిన సాకులా కనిపిస్తుంది.

రీ-ఎగ్జామినేషన్ అంటే క్రాస్‌లో వచ్చిన ఏదో అస్పష్టతను తీర్చడానికే అని చాలాకాలం కింది కోర్టుల్లో ఒక సంకుచిత భావన ఉండేది. 1999లో మధ్యప్రదేశ్‌కు చెందిన రమ్మి కేసులో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది. క్రాస్‌లో ప్రస్తావనకు వచ్చిన ఏ విషయానికైనా వివరణ అడగవచ్చు, అడగవలసిన ప్రశ్నలను ఎంచుకునే స్వేచ్ఛ ప్రాసిక్యూటరుకు ఉంది. కొత్త విషయం తేవాలంటే మాత్రం కోర్టు అనుమతి కావాలి. అప్పుడు ఆ కొత్త విషయంపై ఎదుటి పక్షానికి మళ్లీ క్రాస్ చేసే హక్కు వస్తుంది. నా అభిప్రాయం చెప్పమంటే, మన వైపు కోర్టుల్లో అన్నిటికంటే తక్కువగా వాడుకునే విడత ఇదే. 'రీ-ఎగ్జామినేషన్ లేదు' అని రాసేసి సాక్షిని దింపేస్తారు. ఒక్క 'ఎందుకు' అడిగి ఉంటే నిలిచే కేసులు అలా పోతాయి.

ఇప్పుడు అందరికీ మనసులో ఉన్న విషయానికి వస్తాను. సాక్షి తనను పిలిచిన పక్షానికే అడ్డం తిరిగితే ఏమిటి? అప్పుడు ఆ పక్షం కోర్టు అనుమతితో తన సాక్షినే క్రాస్‌లో మాదిరిగా, సూచక ప్రశ్నలతో సహా అడగవచ్చు. పాత 154, కొత్త 157వ సెక్షన్. దీన్నే వాడుకలో సాక్షి హోస్టైల్ అయ్యాడని అంటారు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ జరిగిన పేలుడు కేసు మనందరికీ తెలుసు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లి ప్రత్యేక కోర్టు నిందితులను విడిచిపెట్టింది. ఆ విచారణలో అరవైమందికి పైగా ప్రాసిక్యూషన్ సాక్షులు హోస్టైల్ అయినట్టు అప్పుడు పత్రికలు రాశాయి. చాలామంది మనల్ని అడిగే ప్రశ్న: వాళ్లు పోలీసులకు చెప్పింది రికార్డులో ఉంది కదా, దాన్ని నమ్మకూడదా?

నమ్మకూడదు. పోలీసుల వద్ద రాసుకున్న వాంగ్మూలం సాక్ష్యం కాదు. అది సాక్షి మాట మార్చాడని చూపడానికి పనికొచ్చేదే గాని, దానిమీద శిక్ష వేయడానికి పనికిరాదు. కోర్టులో ప్రమాణం చేసి, రెండు పక్షాల ప్రశ్నలకూ నిలబడి చెప్పిందే సాక్ష్యం. ఈ నియమం కొన్నిసార్లు మనకు చేదుగా తోచవచ్చు. కాని అదే పేలుడు తర్వాత పాతబస్తీ నుంచి ఎంతోమంది ముస్లిం యువకులను పట్టుకెళ్లి, కేసులు పెట్టి, చివరికి వారిపై నేరం నిలవక కోర్టులు విడిచిపెట్టిన సంగతి కూడా మరచిపోకండి. స్టేషనులో రాసిన కాగితాన్నే సాక్ష్యంగా తీసుకుంటే ఆ పిల్లలు బయటికి వచ్చేవారు కారు. మనకు అక్కరకొచ్చినప్పుడు ఒకటి, రానప్పుడు ఒకటిగా ఈ నియమం ఉండదు.

అయితే సాక్షి హోస్టైల్ కాగానే అతని మాటంతా చెరిగిపోతుందని అనుకోవడం కూడా పొరపాటే. 1975లో సత్పాల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. కోర్టులో అతను చెప్పినదానిలో నమ్మదగిన భాగం ఉంటే, ఇతర ఆధారాలతో పోల్చి జాగ్రత్తగా దాన్ని తీసుకోవచ్చు. సాక్షి "కొట్టినవాణ్ణి చూడలేదు" అని మాట మార్చినా, "గొడవ జరిగింది, దెబ్బ తగిలింది, నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను" అన్న భాగం మిగిలే ఉంటుంది. దాన్ని రాబట్టాలంటే ప్రాసిక్యూటరు కోపంతో సాక్షిని అబద్ధాలకోరని నాలుగు సజెషన్లు వేసి కూర్చోకూడదు. ఓపికగా ఒక్కొక్క ముక్క అడగాలి.

ఇంతవరకు క్రిమినల్ కోర్టు సంగతి. సివిల్ దావాల్లో ఒక పెద్ద మార్పు జరిగింది, అది మన ఇళ్ల మీద నేరుగా పడుతోంది. 2002 జులై 1 నుంచి సివిల్ కేసుల్లో చీఫ్ నోటితో చెప్పే పని లేదు. చీఫ్‌కు బదులు అఫిడవిట్ దాఖలు చేస్తారు. భరణం కేసుల్లో కూడా చాలాచోట్ల ఇదే నడుస్తోంది. అఫిడవిట్ రాసేది వకీలు. అంటే సూచక ప్రశ్న వద్దన్న నియమానికి అక్కడ చోటే లేకుండా పోయింది. ప్రశ్నా జవాబూ రెండూ వకీలే రాస్తున్నారు. కాబట్టి పరీక్షంతా క్రాస్‌లోనే జరుగుతుంది. భరణం కోరి వచ్చిన ఒక సోదరిని క్రాస్‌లో మొదటే అడిగే ప్రశ్నలు ఇవి. "మీ అఫిడవిట్ ఏ భాషలో ఉంది?" "ఇంగ్లీషులో." "మీకు ఇంగ్లీషు వచ్చా?" "రాదు." "అందులో ఏముందో తెలుసా?" ఆమె భయపడి "తెలియదండీ, ప్లీడరు గారు రాశారు, సంతకం పెట్టమన్నారు" అంటుంది. ఆమె భర్త సంపాదన గురించి, ఇంట్లోంచి గెంటిన రోజు గురించి అందులో రాసినదంతా ఆ ఒక్క జవాబుతో పలచబడిపోతుంది. ఆమె అబద్ధమాడలేదు. చదివి వినిపించకుండా సంతకం తీసుకున్నవారి తప్పుకు ఆమె మూల్యం చెల్లించింది.

కాబట్టి అమ్మా, మీరు సంతకం పెట్టే ముందు వకీలు గారిని ఒక మాట అడగండి. అఫిడవిట్ మొత్తం తెలుగులో గాని, ఉర్దూలో గాని, మీకు అర్థమయ్యే భాషలో పేరా పేరా వినిపించమనండి. తేదీలు సరిచూసుకోండి. నెలకు ఎంత ఇచ్చేవాడో, ఎప్పటి నుంచి ఇవ్వడం లేదో మీరు చెప్పినట్టే ఉందో లేదో చూసుకోండి. లేనిది ఉంటే కొట్టేయించండి. అప్పుడు క్రాస్‌లో "నేను తెలుగులో చెప్పాను, ఇంగ్లీషులో రాసి నాకు తెలుగులో వినిపించారు, విన్నాకే సంతకం చేశాను" అని నిజంగా చెప్పగలుగుతారు. వినిపించకపోతే మాత్రం వినిపించారని చెప్పకండి. ఆ తర్వాతి ప్రశ్న "అయితే నాలుగో పేరాలో ఏముంది?" అని వస్తుంది.

చివరిగా ఒక సంగతి. బోనులో మీరు చెప్పింది స్టెనో గారు టైపు చేస్తారు, చాలావరకు ఇంగ్లీషులోనే. ముగిశాక దాన్ని మీకు అర్థమయ్యేలా వినిపించాలి. హడావుడిగా వినిపిస్తారు, మీరూ ఇంటికి పోయే తొందరలో ఉంటారు. ఒకసారి ఒక సాక్షి కుడి చెంప మీద గాయమని చెబితే రికార్డులో ఎడమ అని ఎక్కింది. ఆయన విని కూడా సంతకం పెట్టి బస్సెక్కాడు. డాక్టరు సర్టిఫికెట్‌లో కుడి అని ఉంది. ఆ ఒక్క అక్షరాన్ని సరిచేయించడానికి ఆ సాక్షిని మళ్లీ పిలిపించాలని పిటిషన్ వేశాం. కోర్టు అనుమతించడానికి, ఆయన మళ్లీ బోనెక్కడానికి పట్టిన కాలంలో ముద్దాయి ఒకసారి గల్ఫ్‌కు వెళ్లి తిరిగొచ్చాడు. మీ మాట మీకు వినిపిస్తున్నప్పుడు తప్పు కనిపిస్తే అక్కడే, సంతకానికి ముందే, "అయ్యా, నేను కుడి అన్నాను" అని జడ్జి గారికి చెప్పండి. ఆయన సరిచేయిస్తారు.